ఊళ్ళో ఇల్లుండగా...

"అమ్మా, ఆగస్టు ఒకటి నుంచి నేను కొండాపూర్‌లో ఉంటాను. ఇల్లు చూసుకున్నాం."

అమ్మాయి చెప్పిన ప్రకారం ఆ రోజు మొదటి మాట ఇదే. అమ్మ చెప్పిన ప్రకారం కాదు. "ముందు నీకే చెబుతున్నా, నాన్నతో ఇప్పుడే అనకు" అన్నది మొదటి మాటట. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడి, ఇద్దరూ అవునన్నంత మేర ఆ సంభాషణను తిరిగి కూర్చి ఇక్కడ పెడుతున్నాను. పొంతన కుదరని చోట ఎవరి మాట ఏదో చెబుతాను. పేర్లు వద్దన్నారు. కాబట్టి అమ్మ, అమ్మాయి.

2024 జూలై. ఆషాఢ మాసం, ఆదివారం పొద్దున. హైదరాబాద్ వనస్థలిపురంలో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. నాన్న, తమ్ముడు బండి సర్వీసింగ్‌కి ఇవ్వడానికి వెళ్ళారు. అమ్మ డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి గోరుచిక్కుడుకాయలు ఒలుస్తోంది. అటు కొస, ఇటు కొస తుంచి, ఈనె లాగి, కాయని మూడు ముక్కలు చేసి గిన్నెలో వేస్తుంది. అమ్మకి 46 ఏళ్ళు. అమ్మాయికి 24. నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్ళుగా ఉద్యోగం.

"ఉంటాను అంటే?"

"ఇల్లు అద్దెకి తీసుకుంటున్నాం. ముగ్గురం. మా టీమ్‌లో అమ్మాయి ఒకతి, దాని ఫ్రెండ్ ఒకతి. డబుల్ బెడ్‌రూమ్."

"ఊళ్ళో ఇల్లుండగా అద్దిల్లేంటే?"

ఈ ప్రశ్న వస్తుందని అమ్మాయికి తెలుసు. జవాబు సిద్ధం చేసుకునే వచ్చింది. ఆ జవాబు పేరు దూరం.

ఆ దూరం నిజమే. షిఫ్టు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 దాకా. పొద్దున పదింటికల్లా ఇల్లు కదలాలి. ఆటోలో ఎల్బీనగర్ మెట్రో, అక్కణ్ణుంచి మియాపూర్ వెళ్ళే రైల్లో అమీర్‌పేట, అక్కడ దిగి మెట్లెక్కి రాయదుర్గం వెళ్ళే రైలు, రాయదుర్గంలో దిగాక మళ్ళీ ఆటోనో, బైక్ టాక్సీనో. రెండు గంటలకి పది నిమిషాలు అటూ ఇటూ. రాత్రి కంపెనీ క్యాబ్ ఉంది. అయితే అది నలుగురిని దింపుకుంటూ వస్తుంది. మెహదీపట్నంలో ఒకరు, అత్తాపూర్‌లో ఒకరు, సంతోష్‌నగర్‌లో ఒకరు. ఆఖరి దింపు ఈ అమ్మాయిదే. కార్లో మిగిలింది ఆడమనిషి ఒక్కతే అయితే ముందు సీట్లో సెక్యూరిటీ గార్డు కూడా రావాలన్నది వాళ్ళ కంపెనీ నియమం. గార్డు లేని రోజు గార్డు దొరికేదాకా క్యాబ్ కదలదు. ఇల్లు చేరేసరికి పదకొండున్నర. కరోనా తర్వాత వారానికి మూడు రోజులుగా నడిచిన ఆఫీసు ఆ ఏడాది ఐదు రోజులైంది. దానికి తోడు, క్యాబ్‌లు తిరిగే పరిధి తగ్గిస్తున్నామని, వనస్థలిపురం ఆ గీతకి అవతల పడుతుందని జూన్‌లో మెయిల్ వచ్చింది.

ఇదంతా చెప్పింది. అమ్మ కాయలు ఒలుస్తూనే వింది.

"షిఫ్టు మార్చమని అడగలేవూ?"

"అడిగాను. అమెరికా వాళ్ళతో పని. పగటి షిఫ్టు లేదు."

"వేరే ఉద్యోగం?"

"వచ్చినా ఆ వైపే వస్తుందమ్మా. ఉప్పల్‌లో ఎన్ని కంపెనీలున్నాయి, గచ్చిబౌలిలో ఎన్నున్నాయి?"

"పోనీ మనమందరం అటు మారితే?"

అమ్మాయి దీనికి సిద్ధం కాలేదు. సొంత ఫ్లాట్ అద్దెకిచ్చి ఇల్లంతా కొండాపూర్ తరలడమంటే నాన్న ఆఫీసు, తమ్ముడి కాలేజీ, వచ్చే అద్దెకి పోయే అద్దెకి మధ్య తేడా, ఇవన్నీ ఉన్నాయి. కానీ ఆమె నోట్లోంచి వచ్చింది అవేవీ కావు.

"అప్పుడు కూడా నేను వేరేగానే ఉంటానమ్మా."

అమ్మ చెయ్యి ఆగింది.

"అంటే దూరం కాదన్నమాట."

"దూరం కూడా."

ఇక్కడ కథనాలు రెండవుతాయి. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదంటుంది అమ్మాయి. అమ్మ మాత్రం అలాంటిదేమీ లేదని, వెంటనే "ఎవరైనా ఉన్నారా?" అని అడిగేశానని అంటుంది. అడిగిన మాటయితే ఖాయం.

"ఎవరూ లేరు. ఉంటే చెప్తాను."

"ఉన్నారంటేనే బావుండేదే. వాళ్ళెవరు, ఏమిటి అని కనుక్కునేవాళ్ళం. మీ నాన్న నాలుగు రోజులు అరిచేవాడు. ఆ తర్వాత ముహూర్తాలు చూసేవాళ్ళం. ఎవరూ లేకుండా ఊరికే వెళ్ళిపోతానంటే రేపు నేను జనానికి ఏం చెప్పను?"

ఈ సంభాషణ మొత్తంలో అన్నిటికన్నా నిజమైన వాక్యం ఇదేనని నాకనిపించింది. కూతురికి ప్రేమ వ్యవహారం ఉందంటే భయపడే తల్లి, లేదంటే ఇంకా భయపడింది. ఎందుకంటే మన ఇళ్ళలో పెళ్ళికాని ఆడపిల్ల గడప దాటడానికి కొన్ని పద్ధతులు ఉండనే ఉన్నాయి, వాటన్నిట్లోనూ ఎవరో ఒకరు ఆమెను పంపిస్తారు. ఇంటర్మీడియట్‌కి విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీకి తండ్రి పంపిస్తాడు. ఇంజినీరింగ్‌కి కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటు పంపిస్తుంది. ఎమ్మెస్‌కి అమెరికా యూనివర్సిటీ పిలుస్తుంది. ఉద్యోగానికి కంపెనీ బెంగుళూరులో పోస్టింగ్ ఇస్తుంది. పదహారేళ్ళ పిల్లని హాస్టల్లో పడేసి నెలకోసారి చూసొచ్చిన తల్లిదండ్రులే, ఇరవై నాలుగేళ్ళకి అదే పిల్ల అదే ఊళ్ళో నలభై కిలోమీటర్ల లోపు ఉంటానంటే కంగారు పడతారు. ఈసారి పంపించినవాళ్ళు ఎవరూ లేరు. తనే వెళ్తానంటోంది.

అమ్మాయి కూడా అదే పట్టుకుంది.

"మేనత్త కూతురు బెంగుళూరులో పీజీలో ఉంటే ఏమీ అనరు. పైగా గొప్పగా చెప్పుకుంటారు."

"అది బెంగుళూరు."

"ఇది కొండాపూర్."

"దాన్ని కంపెనీ పంపింది."

"నన్ను కూడా కంపెనీయే పంపిందనుకో."

"ఇంటినుంచి వెళ్ళొచ్చే దారి ఉండగా బయటుంటోందంటే, ఇంట్లో ఏదో గొడవయి ఉంటుందంటారు. లేకపోతే పిల్ల మాట వినదంటారు. గుంటూరు సంబంధం వాళ్ళు మొన్న ఫోన్‌లో మొదటే అడిగారు, అమ్మాయి మీ దగ్గరే ఉంటుందాండీ, హాస్టల్లోనా అని. మా దగ్గరేనండీ అన్నాను. ఎంత గర్వంగా చెప్పానో తెలుసా?"

పెళ్ళి సంబంధాల యాప్‌లో ఈ అమ్మాయి ప్రొఫైల్ నింపింది అమ్మే. అందులో కుటుంబంతో ఉంటున్నారా, విడిగానా అనే గడి ఒకటుంది. అబ్బాయిల ప్రొఫైళ్ళలో ఆ గడిని ఎవరూ చూడరని, చూసినా పట్టించుకోరని ఆమే నాతో అంది. "మేమూ అబ్బాయి విడిగా ఉంటున్నాడా అని చూడలేదండీ. జీతం, ఊరు చూశాం."

"అమ్మా, నేను రాత్రి పదకొండున్నరకి వస్తాను కదా. నేను బెల్ కొట్టకముందే నువ్వు తలుపు తీస్తావు. రోజూ."

"తియ్యకపోతే బయట నిలబడతావా?"

"నా దగ్గర తాళంచెవి ఉంది. నువ్వు పడుకో అని ఎన్నిసార్లు చెప్పాను? పడుకోవు. నేను అన్నం తినేదాకా కూర్చుంటావు. పొద్దున ఐదింటికి లేస్తావు. నేను ఒక అరగంట ఎక్కువ పడుకుంటే ఒంట్లో బాలేదా అంటావు. ఫోన్ మాట్లాడుతుంటే ఎవరే అంటావు. నువ్వు తప్పు చేస్తున్నావని కాదు. నేను ఏం చేసినా నీకు పనే అయిపోతోంది. ఒక రోజు అన్నం తినకుండా పడుకోవాలంటే కూడా నీకు కారణం చెప్పాలి."

అమ్మకి కోపం వచ్చిన చోటు ఇది. అలా జరిగిందని ఆమే ఒప్పుకుంది.

"అక్కడ తినకుండా పడుకుందామనా వెళ్ళేది? బావుందే. ఇంట్లో అమ్మ ఉండటం నీకు బరువయింది. సరే, వెళ్ళు. మరి డబ్బు? లెక్క వేశావా? లేక అదీ తినకుండా పడుకోవడమేనా?"

ఎత్తిపొడుపుగా అన్న మాటే. కానీ కూతురు ఫోన్ తీసి నిజంగానే లెక్క చూపించింది. అక్కణ్ణుంచి ఆ సంభాషణ దారి మారింది. ఉండాలా, వెళ్ళాలా అన్నది పక్కకి పోయి, ఎలా ఉంటావన్నది మొదలైంది. ఇద్దరూ అది గమనించలేదు.

ఆ లెక్క ఇలా ఉంది. చేతికొచ్చే జీతం 52 వేలు. అందులో 20 వేలు ప్రతి నెలా ఇంట్లో ఇస్తోంది. కొండాపూర్ ఇంటి అద్దె 28 వేలు, మెయింటెనెన్స్ 3 వేలు, మొత్తం 31 వేలు ముగ్గురికి పంచితే మనిషికి సుమారు 10,300. వంటమనిషికి 6 వేలు, తలా 2 వేలు. సరుకులు, కూరలు, గ్యాస్ కలిపి తన వంతు 3,500. కరెంటు, ఇంటర్నెట్ 700. అంతా కలిపి పదహారున్నర వేలు. సొంత ఖర్చులకి 10 వేలు. ఇంట్లో ఇచ్చే 20 వేలూ అలాగే ఇస్తుంది. ఇంకా ఐదున్నర వేలు మిగులుతుంది.

అమ్మ ఇరవై ఐదేళ్ళుగా ఇల్లు నడిపిన మనిషి. కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూసింది.

"అడ్వాన్సు ఎంత?"

"రెండు నెలలు. 56 వేలు. నా వాటా 18,700. బ్రోకర్‌కి సగం నెల అద్దె, అందులో నా వాటా 4,700."

"ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని కోసుకుంటారు. ఎంత కోస్తారు, అడిగారా?"

అడగలేదు. హైదరాబాద్‌లో చాలామంది ఓనర్లు ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె రంగులకని అడ్వాన్సులోంచి పట్టుకుంటారు. అగ్రిమెంట్‌లో ఆ వాక్యం సన్నగా ఎక్కడో ఉంటుంది, మొదటిసారి ఇల్లు తీసుకునే పిల్లలు దాన్ని చదవరు.

"నీళ్ళు? మంజీరానా, బోరా?"

"నీళ్ళొస్తాయన్నారు."

"ఎక్కడైనా నీళ్ళొస్తాయే. ఏప్రిల్‌లో వస్తాయా? బోరు ఎండితే ట్యాంకర్లు తెప్పిస్తారు. ఆ డబ్బు మెయింటెనెన్సులో ఉందా, వేరేగా వేస్తారా? పరుపు కొనాలి. స్టవ్ ఎవరిది? ఫ్రిజ్?"

"ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఆ అమ్మాయికి ఉన్నాయి."

"ఏ అమ్మాయికి?"

"మూడో అమ్మాయికి. దాని ఫ్రెండ్‌కి."

"దాని వయసెంత?"

"27."

"పెళ్ళి చూస్తున్నారా దానికి?"

అమ్మాయి నవ్విందట. ఇంకెక్కడికి పోతావమ్మా నువ్వు అనుకుందట. కానీ అమ్మ అడుగుతున్నది సంబంధం గురించి కాదు.

"ఆ పిల్లకి నవంబరులో పెళ్ళి కుదిరిందనుకో. ఫ్రిజ్ తీసుకుని వెళ్ళిపోతుంది. మీ ఇద్దరే మిగులుతారు. అప్పుడెంత?"

ఫోన్‌లో మళ్ళీ లెక్క. 31 వేలు ఇద్దరికి, తలా పదిహేనున్నర వేలు. వంటమనిషికి 3 వేలు. కరెంటు, ఇంటర్నెట్ వెయ్యి దాటుతుంది. మొత్తం 23 వేలు. అంటే ఆరున్నర వేలు ఎక్కువ. నెలాఖరుకి మిగులుతుందనుకున్నది ఐదున్నర. వెయ్యి రూపాయలు తక్కువ పడుతోంది.

కలిసి ఇల్లు తీసుకున్న చోట ఎక్కువగా తెగిపోయేది ఈ ముడే. పోట్లాటలు, వంటింటి శుభ్రం, ఎవరి షాంపూ ఎవరు వాడారన్న గొడవలు తర్వాతి సంగతి. ఒకరికి పెళ్ళో, బదిలీయో అవుతుంది. కొత్త మనిషి దొరికేదాకా మిగిలినవాళ్ళ మీద బరువు పడుతుంది. వెళ్ళేవాళ్ళు తమ వంతు అడ్వాన్సు వెంటనే ఇమ్మంటారు, ఓనరు మాత్రం అందరూ ఖాళీ చేశాకే ఇస్తానంటాడు. అగ్రిమెంట్ ఒకరి పేరు మీద ఉంటే ఆ ఒక్కరే ఇరుక్కుంటారు. ఓనరుతో రాసుకున్న కాగితంలో దీనికి జవాబు ఉండదు. వాళ్ళలో వాళ్ళే రాసుకోవాలి.

"చూశావా. అందుకే వద్దంటున్నా," అంది అమ్మ.

"వద్దనడానికి ఇది కారణం కాదమ్మా. వెళ్ళేవాళ్ళు రెండు నెలల ముందు చెప్పాలని, తన చోట్లోకి మనిషిని తనే చూపించాలని, ఆ మనిషి ఇచ్చిన అడ్వాన్సే తను తీసుకోవాలని రాసుకుంటాం."

"రాసుకోండి. అగ్రిమెంట్‌లో మాత్రం ముగ్గురి పేర్లూ పెట్టించు. నీ ఒక్కదాని పేరు పెట్టకు."

ఇద్దరూ గమనించలేదన్నది ఈ మాట గురించే. "వద్దంటున్నా"కీ "పేర్లు పెట్టించు"కీ మధ్య ఒక్క నిమిషం కూడా లేదు.

ఇంట్లో ఇచ్చే 20 వేల సంగతి కూడా అప్పుడే బయటపడింది. అది ఇంటి ఖర్చులకే పోతోందని అమ్మాయి అనుకుంటోంది. అందులో సగంతో అమ్మ 5 లక్షల చీటీ కడుతోంది. నెలకి 10 వేలు, 50 నెలలు. అప్పటికి 19 నెలలు కట్టింది. పాట ఇంకా పాడలేదు. "నీ పెళ్ళికనే," అంది.

"నాకు చెప్పలేదే?"

"చెప్తే బైక్ కొంటానంటావు."

"చీటీ ఎవరి పేరు మీద ఉంది?"

"నా పేరు మీదే."

"నా పెళ్ళికే కాదు, నాకు వేరే అవసరం వచ్చినా అది వాడొచ్చా?"

ఈ ప్రశ్నకి ఆ రోజు జవాబు రాలేదు. నేనడిగినప్పుడు కూడా అమ్మ సూటిగా చెప్పలేదు. మధ్యలో ఆపితే కట్టిన డబ్బు చేతికి రావడానికి ఎన్ని తిప్పలో చెప్పింది. ఆ తిప్పలు నిజమే. కాకపోతే నేనడిగింది వాటి గురించి కాదు.

తర్వాత మాట తెనాలి మీదికి పోయింది. అమ్మ పుట్టిల్లు తెనాలి. 1999లో పెళ్ళయి గుంటూరులో అత్తగారింటికి వచ్చింది, 2006లో హైదరాబాద్. తండ్రి 2011లో పోయాక, ఆయన పేరున ఉన్న ఇంట్లో తన వాటా వదులుకుంటూ తమ్ముడికి రిలీజ్ డీడ్ రాసిచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి, ఫొటో దిగి, వేలిముద్ర వేసి వచ్చింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. పెట్టమని అడిగారు, పెట్టింది. చీర పెట్టారు.

"తెనాలి వెళ్తే మీ అత్తయ్య బాగానే చూసుకుంటుంది. ఏం లోటు చెయ్యదు. కానీ నా బట్టలు పెట్టుకోడానికి ఏ బీరువాలోనూ ఒక అర లేదే. పెట్టెలోంచి తీసి కట్టుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టుకుంటాను. నేను పుట్టిన ఇల్లు అది. పెళ్ళయి వెళ్ళినదాన్ని నాకే అలా ఉంది. పెళ్ళి కాకుండానే నువ్వు ఈ ఇంట్లోంచి వెళ్ళిపోతే? ఆ గది మీ తమ్ముడు తీసుకుంటాడు. ఆర్నెల్లకి నువ్వొస్తే ఎక్కడ పడుకుంటావు?"

ఇది అమ్మ ఒక్కదాని దిగులు కాదు. చట్టం కూడా చాలా ఏళ్ళు ఇలాగే ఆలోచించింది. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. కానీ కుటుంబం ఉంటున్న ఇంటి దగ్గరికొచ్చేసరికి, అదే చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, మగ వారసులు పంచుకోవడానికి సిద్ధపడేదాకా ఆడపిల్ల ఆ ఇంట్లో వాటా విడదీయమని అడగలేదు. అందులో ఉండే హక్కు కూడా పెళ్ళికాని కూతురికో, భర్త వదిలేసిన, భర్తకి దూరమైన, భర్త పోయిన కూతురికో మాత్రమే. కాపురం చేసుకుంటున్న కూతురికి పుట్టింట్లో చోటు లేదు. 2005 సవరణతో ఆ సెక్షన్‌ని తీసేశారు. అమ్మ సంతకం పెట్టింది ఆ తర్వాత ఆరేళ్ళకి. సంతకం అడిగారంటేనే ఆమెకి వాటా ఉన్నట్టు. ఆ సంగతి ఆమెకి రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద కూర్చున్నప్పుడు తెలియదు. ఈమధ్యే కూతురు చెప్పింది.

"అయితే నా గది నాకే ఉంచు. నా బీరువా ఖాళీ చెయ్యను. శనివారం రాత్రి వస్తాను, సోమవారం ఇక్కణ్ణుంచే ఆఫీసుకి వెళ్తాను. సరేనా?"

"ఆ మంచం మీద వాణ్ణి పడుకోనివ్వను," అంది అమ్మ.

ఇక మిగిలింది ఎప్పుడన్నదే.

"ఆగస్టు ఒకటి అన్నావు. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగిస్తారా ఎవరైనా?"

"అద్దిల్లేగా."

"అద్దిల్లయితే పాలు పొంగవా? ఐదో తారీఖు నుంచి శ్రావణం. నాలుగు రోజులు ఆగితే ఏం మునిగిపోతుంది?"

"ఓనరు ఒకటి నుంచే అద్దె కట్టించుకుంటాడు."

"కట్టండి. తాళాలు తీసుకుని కడిగించుకోండి. తొమ్మిదో తారీఖు శ్రావణ శుక్రవారం. ఉహూ, శుక్రవారం ఆడపిల్ల ఇల్లు వదిలి వెళ్ళకూడదు. ఎనిమిది, గురువారం వెళ్ళు."

అమ్మాయి దీన్ని ఒప్పుకోవడంగానే లెక్కవేసింది. అమ్మ ఇప్పటికీ కాదనే అంటుంది. "నేను ఒప్పుకోలేదండీ. ఎలాగూ వెళ్ళేదే కాబట్టి మంచిరోజు చెప్పాను."

నాన్న సంగతి పెద్దగా రాయలేను. ఆయన నాతో మాట్లాడనన్నారు. చాలా రోజులు ఇంట్లో కూడా ఎవరితోనూ మాట్లాడలేదని, చివరికి పరుపు మోయించడానికి ఆటో ట్రాలీ మాట్లాడింది మాత్రం ఆయనేనని మిగతా ఇద్దరూ చెప్పారు.

ఆయన కన్నా పెద్ద ఆటంకం ఓనరు నుంచి వచ్చింది. ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి, శాలరీ స్లిప్పులు, ఆధార్ కార్డులు ఇచ్చారు. అయినా ఓనరు భార్య, "అమ్మాయిలకి ఇవ్వడానికి మాకేం అభ్యంతరం లేదమ్మా, మీ పెద్దవాళ్ళు ఒక్కసారి మాట్లాడాలి. అమ్మగారైనా సరే," అంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు బ్యాచిలర్స్‌ని వద్దంటారట. అమ్మానాన్నల ఫోన్ నంబర్లు రిజిస్టర్‌లో రాసుకుంటే అమ్మాయిలు ఫ్యామిలీ కిందికి వస్తారట. పద్దెనిమిది నిండిన మనిషి ఎక్కడ ఉండాలో తనే తేల్చుకోవచ్చని చట్టం అంటే అనొచ్చు. తాళంచెవి చేతికి రావాలంటే మాత్రం అమ్మ మాట్లాడాలి. ఇంట్లో అడగకుండా వెళ్ళగల ఆడపిల్లలు మన ఊళ్ళలో తక్కువగా ఉండటానికి ఇంటివాళ్ళ ప్రేమ ఒక్కటే కారణం కాదు.

అమ్మ మాట్లాడింది. వంటింట్లో స్పీకర్ పెట్టి మాట్లాడిందని అమ్మాయి చెప్పింది. పిల్లల గురించి రెండే మాటలు. మిగతాదంతా ఇంటి గురించే. నీళ్ళు మంజీరావేనా, రోజు విడిచి రోజా, ట్యాంకర్ డబ్బు ఎవరిది, ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారు, వాచ్‌మన్ కుటుంబంతో ఉంటాడా, ఒక్కడే ఉంటాడా, వంటింటి బాల్కనీకి గ్రిల్ ఉందా. పదింటికి గేటు వేస్తామని ఆవిడ అంటే, "మా అమ్మాయికి ఆఫీసు తొమ్మిదింటికి అవుతుందండీ, పదింటికి గేటు వేస్తే ఎలా? వాచ్‌మన్‌కి చెప్పండి, తీస్తాడు," అంది. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె అన్నదాన్ని సగం నెలకి దింపింది. 28 వేలు కాస్తా 14 వేలయింది. ముగ్గురు పిల్లలూ కలిసి అడగలేకపోయిన మాట అది.

ఎనిమిదో తారీఖు గురువారం పాలు పొంగాయి. అమ్మ, మిగతా ఇద్దరిలో ఒకమ్మాయి తల్లి వచ్చారు. రాత్రి క్యాబ్ ఇప్పుడు ఇరవై నిమిషాల్లో దింపుతుంది. అమ్మ మాత్రం ఇంకా పదకొండున్నర దాకా మేలుకునే ఉంటోందని తమ్ముడు చెప్పాడట. అదేం లేదు, సీరియల్ చూస్తున్నానంటుంది ఆమె. ఇంటికిచ్చే డబ్బు 20 నుంచి 15 వేలకి తగ్గింది. చీటీ ఆగలేదు, మిగతా ఐదు వేలు అమ్మ ఎక్కడ సర్దుతోందో అమ్మాయికి తెలియదు. మొదటి నెలలో శనివారాలన్నీ ఇంటికొచ్చింది. దసరా తర్వాత రెండు శనివారాలు రాలేదు. ఎందుకు రాలేదని అమ్మ ఒకసారి అడిగింది. పని ఉందంది. ఏం పని అని అడగలేదట, అడగకుండా ఉండటం ఎంత కష్టమో మాత్రం నాకు వివరంగా చెప్పింది.

తేలనిది ఒకటే మిగిలింది. కార్తీకంలో ఏలూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పుణెలో ఉద్యోగం, జాతకాలు కలిశాయి, అమ్మాయికి కూడా ఫోన్‌లో మాట్లాడాక అభ్యంతరం లేదు. అబ్బాయి తల్లి ఫోన్ చేసినప్పుడు ఆ ప్రశ్న అడిగింది, అమ్మాయి మీ దగ్గరే ఉంటుందా అని. అమ్మ చెప్పిన జవాబు: "ఆఫీసు దగ్గర్లో కంపెనీ ఫ్లాట్ ఇచ్చిందండీ. లేడీస్ అందరికీ ఇచ్చారు."

ఆ ఆదివారం అమ్మాయికి ఆ సంగతి తెలిసింది.

"కంపెనీ ఎప్పుడిచ్చిందమ్మా?"

"ఏదో ఒకటి చెప్పాలి కదే."

"నేనే అద్దెకి తీసుకున్నానని చెప్పు. నా జీతంతో."

"చెప్తే సంబంధం పోతుంది."

"పోతే పోనీ."

"పోయాక నీకేం, నువ్వు కొండాపూర్‌లో ఉంటావు. ఇక్కడ వాళ్ళకీ వీళ్ళకీ సమాధానం చెప్పేది నేను."

అబ్బాయికి నిజం తనే చెప్పేస్తానంది అమ్మాయి. వాళ్ళమ్మకి నేను చెప్పాక నువ్వు చెప్పు, ముందు చెప్పకు అంది అమ్మ. నేను వాళ్ళిద్దరితో ఆఖరిసారి మాట్లాడేటప్పటికి ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. ఏలూరు వాళ్ళు మాఘమాసంలో పెళ్ళిచూపులకి వస్తామన్నారు. ఎక్కడికి రావాలన్నదాని మీద మాత్రం గొడవ లేదు. వనస్థలిపురానికే.